ఆకాశం మార్చిన బిల్డింగ్ ఫొటోలో కిటికీ అద్దాలు, గోడల రంగు కుదరడం గురించి

ప్రశ్న: "కొండాపూర్‌లో తూర్పు ముఖం ఉన్న ఐదంతస్తుల అపార్ట్‌మెంటును ఆగస్టులో, పూర్తిగా మబ్బు పట్టిన రోజున, ఈశాన్య మూల నుంచి తీశాను. ఫొటోషాప్‌లో సూర్యాస్తమయం తర్వాతి ఆకాశం పెట్టాను. కిటికీ అద్దాల్లో కూడా అదే ఆకాశాన్ని తిప్పి వేశాను, గోడల మీద నారింజ రంగు ఫిల్టర్ వేశాను. అయినా బిల్డింగ్ అతికించినట్టే ఉంది. తప్పు ఎక్కడ జరుగుతోంది?"

సమాధానం:

మీరు ఎంచుకున్న ఆకాశంలో తప్పు లేదు. మబ్బు పట్టిన రోజున తీసిన ఫొటోలో సజ్జల కింద అంచు తెలిసే నీడ ఉండదు. సూర్యుడు దిగిపోయిన తర్వాతి పది పదిహేను నిమిషాల్లో కూడా అలాంటి నీడ ఉండదు. కాబట్టి వెలుతురు స్వభావం రెండింటిలోనూ ఒకటే. ఎండ కాస్తున్న నీలాకాశం పెట్టి ఉంటే ప్రతి సజ్జ కింద గీత గీసినట్టు నీడ పడాలి, ఆ నీడలను చేత్తో గీయడం దాదాపు అసాధ్యం. దిక్కు కూడా మీకు కలిసివచ్చింది. ఈశాన్యం నుంచి తీస్తే కెమెరా నైరుతి వైపు చూస్తుంది. ఆగస్టులో హైదరాబాదులో సూర్యుడు సరిగ్గా పడమట కాకుండా కొంచెం ఉత్తరానికి జరిగి అస్తమిస్తాడు. అంటే సూర్యుడు దిగిన చోటు మీ ఫ్రేములో కనిపించదు, కుడి అంచుకు కాస్త అవతల ఉంటుంది. కాబట్టి మీరు పెట్టిన ఆకాశం కుడివైపుకు పోయేకొద్దీ వెచ్చగా, ఎడమవైపు చల్లగా ఉండాలి. ఎడమవైపు వెచ్చగా ఉంటే `Sky Replacement`లోని `Flip` గడిని టిక్ చేసి తిప్పండి.

తప్పు అద్దాల దగ్గర మొదలవుతుంది. కిటికీలో కనిపించేది బిల్డింగ్ వెనక ఉన్న ఆకాశం కాదు, ఫొటో తీసేవారి వెనకా పక్కనా ఉన్న ఆకాశం. ఈ ఒక్క విషయం మరిచిపోవడం వల్లనే ఎక్కువ ఫొటోలు పాడవుతాయి, ఎందుకంటే ఫ్రేములో ఉన్న ఆకాశాన్నే అద్దంలోనూ వేయడం చేతికి దగ్గరగా ఉన్న పని. మీ ఫొటోలో రెండు గోడలు కనిపిస్తాయి: ఎడమవైపు తూర్పు గోడ, కుడివైపు ఉత్తరపు గోడ. మీ చూపు నైరుతి దిశలో వెళ్లి తూర్పు గోడ అద్దానికి తగిలితే, పడమటికి పోవలసిన భాగం తూర్పుకు తిరుగుతుంది, దక్షిణానికి పోయే భాగం మారదు. అంటే ఆ అద్దం మీకు ఆగ్నేయాన్ని చూపిస్తుంది. అదే చూపు ఉత్తరపు గోడ అద్దానికి తగిలితే వాయవ్యం కనిపిస్తుంది. సాయంత్రం వేళ ఆగ్నేయం మసక నీలంగా, కొంచెం ఊదా కలిసి ఉంటుంది. వాయవ్యంలో మాత్రం సూర్యుడు దిగిన చోటు ఉంది, అక్కడ నారింజ వెలుగు ఉంటుంది. ఒకే బిల్డింగ్‌కు ఒక పక్క అద్దాలు చల్లగా, మరో పక్క అద్దాలు వెచ్చగా ఉండాలన్న మాట. మీరు రెండు పక్కలా ఒకే నైరుతి ఆకాశం వేశారు కాబట్టి, చూసేవారు కారణం చెప్పలేకపోయినా, ఏదో కుదరలేదని వారి కన్నుకు తెలిసిపోతుంది.

మీరు ఆకాశాన్ని "తిప్పి" వేశానన్నారు. తలకిందులుగా తిప్పి ఉంటే అది రెండో తప్పు. తలకిందులయ్యేది నీటిలోని ప్రతిబింబం. నిలువు గోడకు ఉన్న అద్దంలో ఎడమ కుడి మాత్రమే తారుమారవుతాయి, పైది పైనే ఉంటుంది. పై అంతస్తు కిటికీ ఆకాశంలో ఎత్తున ఉన్న భాగాన్ని, కింది అంతస్తు కిటికీ దిగంతానికి దగ్గరగా ఉన్న భాగాన్ని చూపుతాయి. చూపు ఎంత కోణంలో పైకి పోతుందో, అద్దానికి తగిలాక కూడా అంతే కోణంలో పైకి పోతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. మీరు గోడకు 20 మీటర్ల దూరంలో నిలబడ్డారని, కెమెరా ఎత్తు 1.6 మీటర్లని అనుకుందాం. 15 మీటర్ల ఎత్తున ఉన్న కిటికీని చూసే కోణం సుమారు 34 డిగ్రీలు. ఆ అద్దంలో మీ వెనక ఆకాశంలో 34 డిగ్రీల ఎత్తున ఉన్నది కనిపిస్తుంది. 3 మీటర్ల ఎత్తున ఉన్న గ్రౌండ్ ఫ్లోర్ కిటికీకి ఆ కోణం 4 డిగ్రీలే. మీ వెనక 15 మీటర్ల దూరంలో 10 మీటర్ల ఎత్తున్న ఇల్లు ఉంటే, అద్దం నుంచి ఆ ఇంటికి 35 మీటర్లు. 4 డిగ్రీల కోణంలో అంత దూరం పోయేసరికి చూపు ఐదున్నర మీటర్ల ఎత్తుకు చేరుతుంది, అంటే ఇంటి గోడకే తగులుతుంది. 6 మీటర్ల ఎత్తున ఉన్న మొదటి అంతస్తు కిటికీకి ఇదే లెక్క వేస్తే చూపు 13 మీటర్లు దాటి ఇంటి మీదుగా ఆకాశంలోకి పోతుంది. కాబట్టి మీ గ్రౌండ్ ఫ్లోర్ కిటికీల్లో ఆకాశం ఉండకూడదు. అక్కడ ఇప్పుడు కనిపిస్తున్న ఎదురింటిని, చెట్టును అలాగే ఉంచి కొంచెం చీకటి చేస్తే చాలు. అమ్మకానికి పెట్టే ఇంటి ఫొటోలో ఎదురిల్లు అద్దంలోంచి మాయం కావడం కొనేవారి పట్ల కూడా సరైన పని కాదని నా అభిప్రాయం.

ఆగ్నేయం, వాయవ్యం ఆకాశాలు ఎక్కడి నుంచి తేవాలన్నది తర్వాతి ప్రశ్న. ఇంటర్నెట్‌లో దొరికే మూడు వేర్వేరు ఆకాశాలు ఒకదానికొకటి కుదరవు. ఒక సాయంత్రం మీ డాబా ఎక్కి మీరే తీసుకోవడం మేలు. ఆగస్టు మధ్యలో హైదరాబాదులో సూర్యాస్తమయం 6:40 ప్రాంతంలో అవుతుంది. 6:50కి సిద్ధంగా ఉండండి, మన దగ్గర సంధ్య వెలుగు ఇరవై నిమిషాలకు మించి నిలవదు. బిల్డింగ్ తీసిన లెన్సునే వాడండి, కెమెరాను అంతే పైకి వంచండి. మొదట నైరుతి, తర్వాత ఆగ్నేయం, ఆపైన వాయవ్యం తీయండి. మూడింటికీ ఒకే ఎక్స్‌పోజర్, ఒకే వైట్ బ్యాలెన్స్ ఉండాలి. ఏదీ ఆటోలో ఉండకూడదు, వైట్ బ్యాలెన్స్‌ను ఎండకు సరిపోయే 5500 కెల్విన్ దగ్గర కట్టేయండి. అలా చేస్తే మూడు దిక్కుల మధ్య అసలు ఎంత తేడా ఉందో అది ఫైళ్లలోనే వచ్చేస్తుంది, మీరు ఊహించవలసిన పని ఉండదు. ఆగ్నేయపు ఫ్రేమును ఎడమ కుడిగా తిప్పి, దిగంతపు గీతను బిల్డింగ్ ఫొటోలోని దిగంతంతో కలిపి పెడితే, తూర్పు అద్దాలకు అది చాలావరకు ఉన్నచోటనే సరిపోతుంది. ఉత్తరపు అద్దాలకు వాయవ్యం ఫ్రేమూ అంతే. దాన్ని చిన్నది చేయకండి. ఒక్కో కిటికీలో ఒక్కో పూర్తి మేఘం పట్టేలా ఆకాశాన్ని కుదించడం చాలామంది చేసే పొరపాటు. ఆకాశం అంతులేని దూరంలో ఉంది కాబట్టి అద్దంలోని మేఘం, బయటి మేఘం ఒకే పరిమాణంలో ఉంటాయి. నాలుగడుగుల కిటికీలో నిజానికి కనిపించేది మేఘంలోని ఒక ముక్క, చాలాసార్లు రంగు మారుతున్న ఒక మెత్తని పట్టీ మాత్రమే.

ఇక ఫొటోషాప్‌లో పని. `Edit > Sky Replacement`లో నైరుతి ఆకాశం పెట్టి, `Foreground Adjustments` కింద రంగుకు, వెలుతురుకు ఉన్న స్లైడర్లను సున్నాకు తెచ్చి, `Output To: New Layers` ఎంచుకోండి. ఆ స్లైడర్లు బిల్డింగ్ మొత్తానికి ఒకే రంగు పూస్తాయి, మనకు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. పిట్టగోడ మీది నీళ్ల ట్యాంకు, కేబుల్ వైర్లు, రెయిలింగు సందులు మాస్కులో సరిగా పడ్డాయో లేదో 200 శాతం జూమ్‌లో చూసుకోండి. పాత తెల్లని ఆకాశం పిట్టగోడ అంచున సన్నటి తెల్ల గీతగా మిగిలి ఉంటే `Shift Edge`తో సరిచేయండి.

అద్దాలను పెన్ టూల్‌తో ఒక్కొక్కటిగా ఎంచి, తూర్పువి ఒక మాస్కులో, ఉత్తరపువి మరో మాస్కులో పెట్టండి. ఇక్కడ దగ్గరగా చూడవలసినది ఒకటుంది. మన అపార్ట్‌మెంట్ల స్లైడింగ్ కిటికీల్లో చాలావరకు ఒక రెక్క దోమల జాలీ. జాలీ ఆకాశాన్ని చూపదు, మసకగా, నల్లగానే ఉంటుంది. అద్దపు రెక్క మీద ఆకాశం, దాని పక్కన జాలీ రెక్క మీద కూడా ఆకాశం కనిపిస్తే బొమ్మ అక్కడే దొరికిపోతుంది. జాలీలను, తెరిచి ఉన్న రెక్కలను మాస్కు నుంచి తీసేయండి.

ఆ మాస్కులోకి ఆకాశాన్ని `Normal`లో వేయకండి, `Multiply`లో వేయండి. దీనికి కారణం ఉంది. మీరు ఫొటో తీసినప్పుడు ఆకాశం అన్ని వైపులా దాదాపు ఒకే తెలుపు. అద్దంలో ఇప్పుడున్న బూడిద రంగు, ఏ అద్దం ఎంత వెలుతురును తిప్పికొడుతుందో చూపించే కొలత లాంటిది. ఎక్కడ కొమ్మ అడ్డం వచ్చిందో, ఎక్కడ అద్దానికి పచ్చ ఛాయ ఉందో అన్నీ అందులోనే ఉన్నాయి. దాన్ని కొత్త ఆకాశంతో గుణిస్తే అవన్నీ నిలిచి రంగు మాత్రమే మారుతుంది. ఉదాహరణకు మీ అద్దంలో బూడిద రంగు 150, 150, 150 అనుకుందాం. ఆగ్నేయపు ఆకాశం 110, 125, 160 అయితే ఫలితం 65, 74, 94 అవుతుంది. వాయవ్యం 235, 170, 120 అయితే 138, 100, 71 అవుతుంది. ఒకే అద్దం ఒక గోడకు మసక నీలంగా, మరో గోడకు కాలిన ఇటుక రంగులో కనిపిస్తుంది. రెండూ బయటి ఆకాశం కన్నా చీకటిగానే ఉన్నాయని గమనించండి. మామూలు అద్దం ఎదురుగా చూస్తే తన మీద పడిన వెలుతురులో దాదాపు 8 శాతమే తిప్పికొడుతుంది, 60 డిగ్రీల ఏటవాలున చూస్తే అది రెట్టింపవుతుంది. కాబట్టి మీకు దగ్గరలో ఉన్న కిటికీల కన్నా, ఏటవాలుగా కనిపించే దూరపు, పైఅంతస్తుల కిటికీల్లో ఆకాశం గట్టిగా కనిపించడం సహజం. కోటింగ్ ఉన్న అద్దమైతే ఎదురుగా చూసినా మామూలు అద్దం కన్నా గట్టిగా చూపుతుంది.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. లోపలి కర్టెన్ స్పష్టంగా కనిపిస్తున్న కిటికీల్లో గుణకారం కర్టెన్‌కు కూడా రంగు పూస్తుంది. అక్కడ లేయరు ఒపాసిటీని 40 శాతం దాకా తగ్గించాలి.

అద్దాలన్నీ ఒకే సమతలంలో ఉండవన్నది కూడా పట్టించుకోండి. స్లైడింగ్ రెక్కలు రెండు వేర్వేరు పట్టాల మీద ఉంటాయి, ఒక్కొక్కటి వెంట్రుకవాసి వంగి ఉంటుంది. అద్దం అర డిగ్రీ వంగితే ప్రతిబింబం ఒక డిగ్రీ జరుగుతుంది. 24 ఎంఎం లెన్సుతో ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో తీసిన 6000 పిక్సెళ్ల వెడల్పు ఫొటోలో అది సుమారు 70 పిక్సెళ్లు. అందువల్ల ఒకే మేఘపు అంచు ఐదు కిటికీల మీదుగా తెగకుండా సాగితే స్టిక్కర్ అంటించినట్టుంటుంది. ఒక్కో రెక్కలోని ఆకాశాన్ని 30 నుంచి 70 పిక్సెళ్ల దాకా అటూ ఇటూ జరపండి, అన్నింటినీ ఒకే కొలతలో మాత్రం కాదు.

గోడల దగ్గర కూడా ఇదే న్యాయం. ఏ గోడకైనా రంగు వచ్చేది అది చూస్తున్న ఆకాశం నుంచే. తూర్పు గోడ పడమటి నారింజ వెలుగును చూడనే చూడదు. దాని ముందున్నది నీలిబారిన తూర్పు ఆకాశం, కింద రోడ్డు. దాని మీద నారింజ ఫిల్టర్ వేయడమంటే లేని సూర్యుణ్ణి తెచ్చి దాని ఎదుట పెట్టడమే. ఉత్తరపు గోడకు వాయవ్యపు వెలుగు పక్క నుంచి తగులుతుంది కాబట్టి దానికి కొంచెం వెచ్చదనం న్యాయమే. సజ్జల, బాల్కనీ స్లాబుల అడుగుభాగాలు ఆకాశాన్ని చూడవు, కింది నేల నుంచి లేచిన వెలుతురే వాటికి దిక్కు. వాటికి ఏ రంగూ పూయకుండా చీకటి మాత్రం చేయాలి. పిట్టగోడ పైభాగం, సజ్జల పైభాగం నేరుగా నడినెత్తి ఆకాశాన్ని చూస్తాయి, అవి అన్నింటికన్నా నీలంగా ఉండాలి. ఈ నాలుగింటికీ నాలుగు మాస్కులు చేయడానికి నాకు గంట పైనే పడుతుంది. మొత్తం పనిలో ఆ గంటకు మించి ఫలితం ఇచ్చేది మరొకటి లేదు.

రంగు వేయడానికి `Solid Color` లేయరును `Multiply`లో వాడండి. `Color` మోడ్ గోడ పెయింటు రంగునే చెరిపేసి తన రంగు పెడుతుంది, అప్పుడు క్రీమ్ గోడ, తెల్ల గోడ, ఇటుక రంగు పట్టీ అన్నీ ఒకే రంగుకు వస్తాయి. మీ క్రీమ్ రంగు తూర్పు గోడ ఇప్పుడు 214, 206, 190 ఉందనుకుందాం. దాని మీద 205, 215, 235 నీలాన్ని పూర్తిగా గుణిస్తే 172, 174, 175 వస్తుంది. అది క్రీమ్ కాదు, ఉత్త బూడిద. లెక్క ప్రకారం నిజంగా అంత నీలం పడినా, అక్కడ నిలబడి చూసే మనిషి కన్ను వెలుతురుకు అలవాటు పడి గోడను క్రీమ్‌గానే చూస్తుంది. బిల్డరు కూడా తన పెయింటు రంగు కనబడాలనే కోరుకుంటారు. కాబట్టి ఒపాసిటీని 50కి తగ్గిస్తే 193, 190, 183 వస్తుంది. క్రీమ్ నిలిచింది, చల్లదనమూ వచ్చింది. ఉత్తరపు గోడకు 255, 236, 214ను 40 శాతం ఒపాసిటీతో వేస్తే 214, 200, 178 వస్తుంది. రెండు గోడలు కలిసే ఈశాన్య మూల దగ్గర ఇప్పుడు సన్నని రంగు తేడా కనిపిస్తుంది. బిల్డింగ్ ఆ ఆకాశం కిందే నిలబడి ఉందని నమ్మించేది ఆ తేడాయే.

రంగు తర్వాత వెలుతురు. నేరుగా ఎండ పడని తెల్లగోడ, తనకు వెలుతురు ఇస్తున్న ఆకాశం కన్నా ఎప్పుడూ చీకటిగానే ఉంటుంది, ఎందుకంటే అది ఆకాశంలో సగాన్నే చూస్తుంది, అందిన వెలుతురులో కొంత తాను మింగేస్తుంది. తేడా కనీసం ఒక స్టాప్ ఉంటుంది, తూర్పు గోడకూ పడమటి ఆకాశానికీ మధ్య ఇంకా ఎక్కువ. ఆకాశంలో వెలుగున్న చోట విలువ 230 అయితే, ఒక స్టాప్ తక్కువంటే సుమారు 168. మీ తూర్పు గోడ 193 దగ్గర ఉంది కాబట్టి `Curves`తో దాన్ని 150 ప్రాంతానికి దించండి, ఉత్తరపు గోడను 165 దగ్గర ఆపండి. అద్దాలను ఈ `Curves` మాస్కులో చేర్చకండి, గుణకారంతో అవి ఇప్పటికే తగ్గాయి. మళ్లీ తగ్గిస్తే నల్లని గుంటల్లా మిగులుతాయి.

ఆగస్టు కాబట్టి రోడ్డు మీద నీళ్లు నిలిచి ఉండవచ్చు. మడుగు మీ ముందున్న నైరుతి ఆకాశాన్ని, అదీ తలకిందులుగా చూపించే చోటు. నిలిపి ఉన్న కార్ల పైకప్పులు కూడా ఆకాశాన్ని చూపుతాయి. బిల్డింగ్ మీద ఎంతో శ్రమపడి కారు పైకప్పు మీద పాత తెలుపును వదిలేసిన ఫొటోలు నేను చాలా చూశాను.

కొన్నేళ్ల కిందట నేనూ ఒక పడమటి ముఖం బిల్డింగ్ వెనక సూర్యాస్తమయం పెట్టి ఇచ్చాను. పని శుభ్రంగానే చేశాను, ఇచ్చినవారూ మెచ్చుకున్నారు. ఆ బిల్డింగ్‌లోనే ఉంటున్న ఒక పెద్దాయన బ్రోచరు చూసి, "మా బాల్కనీలో రోజూ సాయంత్రం ఎండ పడుతుంది, సూర్యుడు మా వెనక ఎలా దిగాడు?" అని అడిగారట. మొత్తం మళ్లీ ముద్రించవలసి వచ్చింది. అప్పటి నుంచి ఏ ఫొటో తెరిచినా ముందు మ్యాపులో ఆ బిల్డింగ్ ముఖం ఏ దిక్కుకు ఉందో చూసి, నాలుగు దిక్కులూ ఒక ఖాళీ లేయరు మీద రాసుకుంటున్నాను.

పని అయ్యాక అన్నింటి పైన ఒక `Hue/Saturation` లేయరు పెట్టి `Saturation`ను +60కి లాగండి. మామూలుగా కంటికి ఆనని రంగు తేడాలు అప్పుడు బయటపడతాయి: సజ్జ అడుగున పొరపాటున పడిన నీలం, పిట్టగోడ అంచున మిగిలిన తెల్ల గీత, మాస్కు తప్పిన ఒక రెక్క. తూర్పు గోడ అంతా ఒక చల్లని రంగు, ఉత్తరపు గోడ అంతా ఒక వెచ్చని రంగు, అడుగుభాగాలు పాత రంగు కనిపిస్తే ఆ లేయరును తీసేసి ఫైలు దాచుకోవచ్చు. మచ్చలు కనిపిస్తే ఆ మచ్చ ఉన్న మాస్కుకే వెళ్లి సరిచేయండి, మొత్తం మీద మరో ఫిల్టర్ వేసి కప్పే ప్రయత్నం చేయకండి.